పదకొండు పేజీల గుండె పాఠం

మిర్యాలగూడలో ఓ జూనియర్ కాలేజీ ఎదుట వసంతక్క జిరాక్సు కొట్టు. పక్కనే నా పుస్తకాల అంగడి కాబట్టి ఆమె గొణుగుడంతా నాకు ఉచితం. జంతుశాస్త్రం చెప్పే రామ్మూర్తి సారు పాఠాలను పిల్లలు ఫోనులో రికార్డు చేస్తారు. ఫోను వాటిని అక్షరాల్లోకి మారుస్తుంది, బయట ఐస్‌ఫ్రూట్ బండివాడి కేకతో సహా. ఆ గందరగోళాన్ని చదవదగ్గ నోట్సుగా మార్చడం వసంతక్క పని.

ఆమెది వేములపల్లి, గొర్రెలు కాసిన ఇల్లు. "ఉన్ని పోవాలె, తోలు తెగొద్దు" అని ఉన్ని కత్తిరిస్తూ వాళ్ల నాన్న మైసయ్య చెప్పిన మాటే ఆమె పద్ధతి. 'అంటే ఏందంటే'లు తీసేస్తుంది. సగంలో ఆగిపోయిన వాక్యాలు తీసేస్తుంది. అనుమానమొస్తే రికార్డు మళ్లీ వింటుంది. సొంత మాట మాత్రం ఒక్కటీ చేర్చదు.

ఈ నెలాఖరుకు సారు రిటైరు. ఆయన చివరి పాఠం గుండె మీద. పదకొండు పేజీల రాత వసంతక్క చేతిలో మూడు పేజీలైంది. చూసి సారు మొహం మాడ్చుకున్నాడు.

"గంటసేపు చెప్పిన. గింతేనా?"

"గింతే సార్. 'అర్థమైందా' అన్నదే యాభై రెండుసార్లు. ఒక్కలు గూడ జవాబియ్యలే."

"నేనా? ఎన్నడన్లే. అర్థమైందా?"

నేను నవ్వాపుకోలేక అట్టల కట్ట వెనక దాక్కున్నాను.

"నా మాట ఒక్కటి పోవద్దు. ఉన్నదున్నట్టు పెట్టు. రేపే పిల్లలకు పంచాలె," అన్నాడు సారు.

వసంతక్క అసలు రాత తెచ్చి ఒక వరుస మీద వేలుపెట్టింది: 'ధమనులు రక్తాన్ని గుండెకు తీసుక... కాదు కాదు, గుండె నుంచి తీసుకపోతయి.'

"గిది గూడ పెట్టాల్నా సార్? పిల్లలు మొదటి ముక్కనే పట్టుకపోతే?"

సారు కళ్లద్దాలు తుడుచుకుని మూడు పేజీలూ నిదానంగా చదివాడు. ఎడమ జఠరిక గోడ మందమని ఆయన మూడుసార్లు నొక్కి చెప్పిన మాటను ఆమె ఒక్కసారే ఉంచి, కింద గీత గీసింది. దాని మీద ఆయన వేలు కాసేపు ఆగింది.

"ముప్పై ఏండ్లు వాగిందంతా తీసేస్తే మిగిలేది గింతేనా అని భయమైందమ్మా."

నాకు నిజంగా జాలేసింది.

"పాఠం మొత్తం ఉన్నది సార్. సూడుండ్రి, ఏం పోలే."

"అయితే ఒక్కటి మాత్రం ఉండనీ," అని ఆమె చెవిలో ఏదో చెప్పాడు.

మర్నాడు నోట్సు కట్టలు మోయడానికి నేనూ క్లాసుకు వెళ్లాను. గోపిక అనే అమ్మాయి నోట్సు పైకి చదువుతుంటే సారు కుర్చీలో కూర్చుని నోరు మెదపకుండా విన్నాడు. మూడో పేజీ చివర, యాభై రెండింటిలో మిగిలిన ఒక్కటి వచ్చింది.

"అర్థమైందా?"

"అయింది సార్!"

అందరికంటే వెనక బెంచీల వాళ్ల గొంతే గట్టిగా వినిపించింది.