మూడో ట్యూబులో పసుపు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా అమలాపురం కాలేజీలో మైక్రోబయాలజీ పెట్టారు. కోర్సు కొత్త, ల్యాబ్ కొత్త, పాఠం చెప్పే మేడమ్ గారు ఇంకా కొత్త. పాతవి రెండే. ఒకటి గోడలు, రెండోది మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారు. ఆయన చదివింది బోటనీ. కొబ్బరిచెట్టుకి వచ్చే తెగుళ్ళ గురించి అడిగితే పూట గడిచిపోయేది. కంటికి కనపడని జీవాల మీద మాత్రం ఆయనకి ఏమాత్రం గౌరవం లేదు.

ఫైనలియర్లో మేడమ్ గారు ల్యాక్ ఒపెరాన్ అనే జీన్ల వరస గురించి చెప్పారు. మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా, పాలలో ఉండే లాక్టోజ్ చక్కెరని విరగ్గొట్టడానికి ఒక ఎంజైమ్ తయారు చేస్తుంది. ఊరికే చెయ్యదు, మహా పిసినారి. లాక్టోజ్ లేనప్పుడు రెప్రెసర్ అనే ప్రొటీన్ ఆ ఎంజైమ్‌ని చేయించే జీన్ల ముందున్న ఆపరేటర్ మీద కూర్చుని దారి మూసేస్తుంది. లాక్టోజ్ వస్తేనే లేస్తుంది. అది లేచినా పని జోరుగా సాగాలంటే క్యాప్ అనే ఇంకో ప్రొటీన్ వచ్చి తొయ్యాలి. గ్లూకోజ్ ఉన్నంతసేపూ క్యాప్ రాదు. తేలిగ్గా అరిగే గ్లూకోజ్ ఎదురుగా ఉండగా లాక్టోజ్ కోసం ఒళ్ళు అలవడమెందుకని ఆ పురుగు ఉద్దేశం.

మేడమ్ గారు రెప్రెసర్‌ని వాచ్‌మన్ అనీ ఆపరేటర్‌ని గేటు అనీ చెప్పారు. అంతే, మా చేతికి పెద్ద ఆట దొరికింది. అమ్మానాన్నలు వచ్చి బతిమాలినా మమ్మల్ని గేటు దాటనివ్వని హాస్టల్ వార్డెన్ గారు మాకు సూపర్ రెప్రెసర్ అయిపోయారు. జీన్ చెడిన పురుగుని మ్యుటెంట్ అంటారు; ఆ రకం మ్యుటెంట్‌లో వాచ్‌మన్ లాక్టోజ్‌ని గుర్తుపట్టడు, ఎంత లాక్టోజ్ పోసినా కుర్చీ వదలడు. నా పక్కన కూర్చునే స్నేహితురాలికి పర్మియేజ్ మ్యుటెంట్ అని పేరు పెట్టాను. పర్మియేజ్ అంటే లాక్టోజ్‌ని కణం లోపలికి చేర్చేది. అది లేకపోతే బయట లాక్టోజ్ ఎంతున్నా లోపల కబురే ఉండదు. మేడమ్ గారు చెప్పిందేదీ దాని బుర్రలోకి వెళ్ళేది కాదు మరి. అది నా మీద వారం రోజులు అలిగింది.

కాలేజీ వెనక గేటుకి గడియ ఊడిపోయింది. ఒకరోజు మేడమ్ గారు దాన్నే ప్రశ్న చేసి అడిగారు.

"వాచ్‌మన్ లేడనుకోండి, పక్క జూనియర్ కాలేజీ వాచ్‌మన్ని పిలిస్తే సరిపోద్దా?"

"ఆయ్, సరిపోద్దండి."

"గడియే ఊడిపోతే?"

"ఎంతమంది వాచ్‌మన్లని పిలిచినా లాభం లేదండి."

రెప్రెసర్ చెడిన మ్యుటెంట్‌కీ ఆపరేటర్ చెడిన మ్యుటెంట్‌కీ తేడా అదే. కణంలో ఇంకో మంచి కాపీ పెడితే మొదటిది బాగుపడుతుంది, రెండోది బాగుపడదు. రెండు మ్యుటెంట్లూ లాక్టోజ్ లేకుండానే ఎంజైమ్ చేసేస్తాయి. ఆ గేటు గుండా మ్యాట్నీకి వెళ్ళే అబ్బాయిలకి ఈ పాఠం అందరికంటే బాగా వచ్చింది.

ప్రాక్టికల్ పరీక్ష ఏప్రిల్ ఎండల్లో పడింది. నాకు అది మామూలు పరీక్ష కాదు. ఎమ్మెస్సీ ఎంట్రన్సులో అప్పటికే మంచి ర్యాంకు వచ్చింది. డిగ్రీలో ఒక్క పేపరు తప్పినా ఆ సీటు పోతుంది. సీటు పోతే మండపేటలో మా చినమావయ్యగారి రైసు మిల్లులో కంప్యూటర్ ముందు కూర్చోవాలని నాన్నగారు తేల్చేశారు. బియ్యం బస్తాల లెక్కలు టైపు చేస్తూ బతకడం తల్చుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

యూనివర్సిటీ నుంచి పరీక్ష పెట్టే ఎక్స్‌టర్నల్ గారు ముందురోజే వచ్చారు. ఐసు పెట్టెలో రకరకాల ఈ.కోలై తెచ్చారు, అన్నిటికీ అంకెలే. ఏది మామూలుదో ఏది ఏ మ్యుటెంటో ఆయనకే తెలుసు. ఒక్కొక్కరికీ ఒక్కో అంకె వచ్చింది. దాన్ని నాలుగు ట్యూబుల్లో పెంచాలి. మొదటిదాంట్లో ఉత్త గ్లిసరాల్, అంటే గ్లూకోజూ లాక్టోజూ కాని వేరే తిండి, రెండోదాంట్లో గ్లిసరాల్‌తో పాటు లాక్టోజ్, మూడోదాంట్లో గ్లూకోజ్ ఒక్కటే, నాలుగోదాంట్లో గ్లూకోజూ లాక్టోజూ రెండూ. తర్వాత కణాలకి చిల్లులు పడేలా టోలుయీన్ చుక్క వేసి, ఓఎన్‌పీజీ అనే మందు కలపాలి. ఎంజైమ్ ఉంటే పసుపు, లేకపోతే నీళ్ళ రంగు. రంగులు చూసి మన పురుగులో ఏ భాగం చెడిందో చెప్పాలి.

నా ట్యూబుల్లో మొదటిది నీళ్ళలా ఉంది. రెండోది పచ్చగా పసుపుముద్దలా ఉంది. ఆహా, మామూలు పురుగే అనుకున్నాను. మూడో ట్యూబు ఎత్తి చూస్తే అది కూడా పచ్చగా ఉంది. నాలుగోది అంతకంటే తక్కువేం కాదు.

గ్లూకోజ్ ఒక్కటే ఉన్నచోట రంగు రాకూడదు. రెండూ ఉన్నచోట లేతగా రావాలి. పక్క బల్ల వైపు చూశాను. అందరూ గబగబా రాసేస్తున్నారు. నా పర్మియేజ్ మ్యుటెంట్ అప్పుడే పూర్తి చేసి జడ సరిచేసుకుంటోంది.

నేను చూసింది చూసినట్టే రాశాను. "మామూలు ఈ.కోలై. గ్లూకోజ్ అని ఇచ్చింది గ్లూకోజ్ కాదు" అని కింద రాశాను. రాశాక కొట్టెయ్యబుద్ధి కాలేదు. నాకు పొగరు కాస్త ఎక్కువేనని మా అమ్మ అప్పటికీ ఇప్పటికీ అంటుంది.

ఎక్స్‌టర్నల్ గారు కాగితం చూసి కళ్ళజోడు తీసేశారు.

"ట్యూబులు మార్చేసుకుని గ్లూకోజ్ మీదకి నెట్టేస్తున్నావా అమ్మా?"

"లేదండి."

హెడ్ గారు వెనకనుంచి అందుకున్నారు. "ఆ అమ్మాయి అంతేనండి, నోరు కాస్త జాస్తి. సప్లిమెంటరీలో రాసుకుంటాదిలెండి."

మండపేట మిల్లు కళ్ళ ముందు తిరిగింది.

"ఇంకో మ్యుటెంట్ అయ్యుండొచ్చుగా?" అన్నారు ఎక్స్‌టర్నల్ గారు. "వాచ్‌మన్ లేనిదేమో?"

"అలాగైతే గ్లిసరాల్లో కూడా పసుపు రావాలండి. మొదటి ట్యూబు నీళ్ళలా ఉందండి."

"గేటు చెడిందేమో?"

"అదీ అంతేనండి. మొదటిదాంట్లోనే తెలిసిపోద్దండి."

"వాచ్‌మన్ కదలని రకమైతే?"

"లాక్టోజ్ ట్యూబులో కూడా రంగు రాదండి. పర్మియేజ్ లేకపోయినా రాదండి. క్యాప్ చెడితే లేతగా వచ్చేదండి."

ఆయన ముందుకు వంగారు. "గ్లూకోజ్‌ని లెక్కచెయ్యకుండా ఎప్పుడూ పనిచేసే క్యాప్ అయితే?"

ఇది పుస్తకంలో లేదు. వాచ్‌మన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఆలోచించాను.

"నాలుగోదాంట్లో పసుపు వస్తాదండి. మూడోదాంట్లో మాత్రం రాదండి. లాక్టోజ్ లేకుండా వాచ్‌మన్ లేవడు కదండీ. నా మొదటి ట్యూబు ప్రకారం వాచ్‌మన్ ఉన్నాడు, గేటూ బాగుంది. అయినా మూడోదాంట్లో లేచేడంటే, ఆ ట్యూబులో లాక్టోజ్ ఉన్నట్టేనండి. రంగు అంత చిక్కగా ఉందంటే గ్లూకోజ్ లేనట్టేనండి."

"బెనెడిక్ట్ టెస్టు చేసేద్దాం, తేలిపోద్ది," అన్నారు హెడ్ గారు.

"దానికి గ్లూకోజూ లాక్టోజూ రెండూ ఎర్రబడతాయండి," అన్నాను. హెడ్ గారు నన్ను మింగేసేలా చూశారు. "బార్‌ఫోయెడ్ టెస్టు చెయ్యండి, ఆ నీలం మందుతో. గ్లూకోజ్‌కయితే మరిగే నీళ్ళలో పెట్టిన కాసేపటికే ఎర్రగా అడుక్కి దిగుద్దండి. లాక్టోజ్‌కి అంత తొందరగా రాదండి."

గ్లూకోజ్ సీసాలోంచి చిటికెడు తీసి ఎక్స్‌టర్నల్ గారే చేశారు. ల్యాబ్ అంతా ఆ ట్యూబు చుట్టూ చేరింది. అది నీలంగానే ఉంది. ఇంకాసేపు చూశాం. నీలంగానే ఉంది.

హెడ్ గారు రెండుసార్లు దగ్గారు.

"అంటే ఎండలు కదండీ," అన్నారు. "మధ్యాహ్నం పూట నిమ్మకాయ నీళ్ళలో చెంచాడు వేసుకుంటే ఒంటికి మంచిదని... నిన్న సీసా అయిపోయిందండి. పరీక్షకి ఖాళీ సీసా పెడితే బాగోదని పక్కదాంట్లోంచి నింపేనండి. రెండూ తెల్లగానే ఉన్నాయి కదండీ."

ఎక్స్‌టర్నల్ గారు కొంచెం ఆలోచించారు. "నిన్న వచ్చీరాగానే నాకిచ్చేరు..."

"ఆయ్, అదే ఆఖరి గ్లాసండి. అందులో అసలు సిసలు గ్లూకోజేనండి."

నవ్వాపుకోలేక నా పర్మియేజ్ మ్యుటెంట్ బల్ల కిందకి వంగిపోయింది. నేనూ నవ్వేదాన్నే, కానీ అప్పుడే ఎక్స్‌టర్నల్ గారికి ఒక సంగతి తట్టింది, అందరూ వాడింది ఆ సీసానే కదా అని. ఆయన మిగతా కాగితాలు ముందుకు లాక్కున్నారు.

గేటు చెడిన పురుగు వచ్చిన అబ్బాయి గ్లూకోజ్ ట్యూబులో 'లేత పసుపు' అని రాశాడు. పుస్తకంలో ఉన్నదదే. అతని ట్యూబు మాత్రం కళ్ళు చెదిరేంత పచ్చగా ఉంది. వాచ్‌మన్ లేని పురుగు వచ్చినవాళ్ళూ అంతే. మొదటి రెండు ట్యూబులు చూసి మ్యుటెంట్ ఏదో కనిపెట్టేశారు, మిగతా రెండూ కంఠతా పట్టిన పట్టికలోంచి దించేశారు. నా స్నేహితురాలు మాత్రం గట్టెక్కింది. దానికి వచ్చింది సూపర్ రెప్రెసర్. సీసాలో ఏమున్నా దాని ట్యూబులు నాలుగూ నీళ్ళలాగే ఉంటాయి, చూసినా చూడకపోయినా సమాధానం ఒకటే.

మెడికల్ షాపు నుంచి కొత్త గ్లూకోజ్ తెప్పించి అందరి చేతా మళ్ళీ చేయించారు. కొత్తపేట బస్సు వెళ్ళిపోయింది, రాజోలు బస్సు వెళ్ళిపోయింది. క్లాసంతా నన్ను కొరకొరా చూశారు. ఈసారి నా మూడో ట్యూబు నీళ్ళలా, నాలుగోది లేతగా వచ్చాయి. నిజం తేలినందుకు నాకెంత సంతోషమైందో, అందరూ నా మీద పళ్ళు నూరుతున్నందుకు అంత బెంగగానూ ఉంది.

చివర్లో ఎక్స్‌టర్నల్ గారు నన్ను పిలిచి నా మొదటి కాగితం ముందు పెట్టుకున్నారు. మార్కుల గడి ఇంకా ఖాళీగానే ఉంది.

"ఇంతమంది బల్లల మీదా అదే పసుపుంది. ఒక్కరికీ కనపడలేదు. నీకెలా కనపడిందమ్మా?"

ఏదో గొప్పగా చెబుదామనుకున్నాను. కానీ అలసిపోయి ఉన్నాను, ఆకలిగా ఉంది, ఉన్నమాటే నోట్లోంచి వచ్చేసింది.

"నాకు ఆ పట్టిక కంఠతా రాదండి. వచ్చుంటే నేనూ చూసేదాన్ని కాదండి."

ఆయన నా ముఖంలోకి చూసి, పెన్ను మూత తీసి, గడి నిండా మార్కులు వేశారు.