ఎర్ర సిరా గీసిన చోట

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు భువనగిరిలో కథలు రాసేవాళ్లం పదిమందిమి కలిసి ఒక సంకలనం వేద్దామనుకున్నాం. నేను బడిలో తెలుగు టీచర్ని. అందుకని వచ్చిన కథలన్నీ చదివి, ఎక్కడేం బాగుచేసుకోవాలో రచయితలకు రాసి పంపే పని నాకప్పగించారు. పాతికేళ్లుగా పిల్లల జవాబు పత్రాలు దిద్దిన చెయ్యి. ఇదెంత పని అనుకున్నాను.

రామన్నపేట దగ్గరి ఊరి నుంచి ఒక కథ వచ్చింది. రాసినామెకు నలభై ఏళ్లుంటాయి. ఇంట్లో గుంట మగ్గం ఉంది, భర్త నేస్తాడు, ఆమె నూలు కండెలు చుడుతుంది. పదో తరగతితో చదువు ఆగిపోయింది. గీతల నోటుబుక్కులోంచి చించిన పన్నెండు కాగితాలు. మొదటి కథ.

కథ ఆమె చిన్నప్పటిది. మొదటి రెండు పేజీలూ ఊరి వర్ణన. తర్వాత ఒక పొద్దున వసారాలో పిల్ల రాట్నం మీద కండె చుడుతుంటుంది. లోపల తండ్రి నేస్తున్న మగ్గం చప్పుడు ఆగిపోతుంది. పిల్ల లేవదు. చేతిలోని కండె పూర్తిగా చుట్టి అప్పుడు లేచి లోపలికి పోతుంది. మగ్గం కింది గుంటలో తండ్రి కాళ్లు కదలకుండా కనిపిస్తాయి. ఆ వెంటనే, ఆయన మూడు రోజుల జ్వరంతో పోయాడని ఒక్క వాక్యంతో కథ అయిపోతుంది.

నేను ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఒత్తులు, దీర్ఘాలు దిద్దాను. ఆమె మాటలు కొట్టేసి పుస్తకాల మాటలు రాశాను. మొదటి రెండు పేజీలకు అడ్డంగా గీత పెట్టి ‘అనవసరం’ అన్నాను. చివర ‘ముగింపు నమ్మశక్యంగా లేదు, ఇంకా చాలా సాధన కావాలి’ అని రాశాను. గట్టిగా చెప్పడమే గౌరవమని అప్పుడు నిజంగా నమ్మేదాన్ని. కాగితాలు పోస్టులో పంపి, అందాక చదవమని వాట్సాప్‌లో ఫొటోలు కూడా పెట్టాను.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

వారం గడిచింది. ఫోను చేస్తే స్విచాఫ్. ఇంకో వారమూ అంతే. అంతకు ముందు ఒకతను, నా దగ్గర చదువుకున్నవాడే, నేను దిద్దిచ్చిన కవితల తర్వాత మళ్లీ కలం పట్టలేదని ఎవరో అంటే నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు అది పదేపదే గుర్తొచ్చింది. తరగతిలో పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. నా దగ్గరున్న ఫొటోలు మళ్లీ తెరిచి చూస్తే కథ కనిపించలేదు, ఎరుపే కనిపించింది.

ఒక ఆదివారం బస్సెక్కి రామన్నపేటలో దిగి, ఆటోలో వాళ్ల ఊరికి పోయాను. మబ్బు పట్టి ఉంది, గాలి లేదు. వీధిలో రెండు మూడిళ్లలో మగ్గాలు ఆడుతున్నాయి గానీ వాళ్లింట్లో చప్పుడు లేదు. గడపలో నా కాళ్లు ఆగిపోయాయి. లోపల ఆమె భర్త మగ్గం ముందు కూర్చుని కొత్త పడుగు నిలువు పోగులు ఒక్కొక్కటే పాతవాటికి అతుకుతున్నాడు. నేనెవరో చెప్పాను. ఆయన తలెత్తలేదు.

“గా కాయితాలు వచ్చినకాన్నుంచి మా ఇంటిది సరిగ మాట్లాడ్తలేదు మేడం,” అన్నాడు.

ఆమె వచ్చింది. నీళ్లిచ్చింది. ఆమె వెనక వంటగది గుమ్మంలో తల్లి నిలబడి నన్నే చూస్తోంది. కూతురి పెళ్లయ్యాక ఆ ముసలామె కూతురి దగ్గరే ఉంటోందట. కూతురు సందుగ పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. ఏడో పేజీ తీసి ఒక వాక్యం మీద వేలు పెట్టింది. ‘మా బాపు కాళ్లు ఆడ్తలేవు’ అని ఆమె రాసింది. ‘ఆడ్తలేవు’ కొట్టేసి నేను పైన ‘కదలడం లేదు’ అని రాశాను.

“మా బాపు పానం పోయిన కాడ గూడ ఎర్రగీత కొట్టిన్రు మేడం,” అంది, మెల్లగా. “తప్పులన్నీ లెక్క పెట్టుకున్న. ఇగ రాయద్దనుకున్న.”

తప్పు నాదని చెప్పాను. ఎర్ర గీతలు లేకుండా మళ్లీ తిరగరాసి ఇస్తే, మొదటిసారి చదివినట్టు చదువుతానన్నాను. ఆమె కాగితాలు మళ్లీ గుడ్డలో చుట్టింది. పది రోజులకు కథ పోస్టులో వచ్చింది. అవే పన్నెండు పేజీలు, ఒక్క అక్షరం మారలేదు.

ఈసారి పెన్ను పక్కన పెట్టి రెండుసార్లు ఊరికే చదివాను. ఆమె కాగితాల మీద ఏమీ రాయలేదు. వేరే కాగితం మీద ఉత్తరంలా రాశాను. ఏడో పేజీలో మగ్గం ఆగిన తర్వాత నాకు ఊపిరాడలేదని, ఆ చోటికి కథ నన్ను ఎలా తెచ్చిందో రాశాను. మొదటి రెండు పేజీలు చదువుతుంటే మాత్రం ఆ పిల్ల ఎప్పుడొస్తుందా అని వెతుక్కున్నానని, కథ నేరుగా ఆ చప్పుడు దగ్గరే మొదలైతే ఎలా ఉంటుందో ఆలోచించమని అన్నాను. నాలుగో పేజీలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియలేదని చెప్పాను. మీ ఇంటి మాట మార్చవద్దు, ఒత్తులూ దీర్ఘాలూ అచ్చుకు పోయేముందు ఇద్దరం కలిసి చూసుకుందాం అన్నాను. చివర ఒకే ప్రశ్న అడిగాను: మగ్గం ఆగినా ఆ పిల్ల కండె ముగిసేదాకా ఎందుకు లేవలేదు? జవాబు నాకు చెప్పనక్కర్లేదు, కథకు కావాలనిపిస్తేనే రాయండి అని ముగించాను.

ఉత్తరం పోస్టు డబ్బాలో వేశాను. ముందు గీసిన ఎర్ర గీతలు ఆమె అక్షరాలను గాయపరిచాయి. ఈ ప్రశ్న అంతకంటే లోతుకు పోతుందని తెలుసు.

ఇరవై రోజులు ఏ కబురూ లేదు. తర్వాత తొమ్మిది పేజీలు వచ్చాయి.

వర్ణన లేదు. ‘మగ్గం ఆగింది’ అని మొదలైంది. ఆ పొద్దున పోగు తెంపినందుకు తండ్రి పిల్లను కొట్టాడు. అందుకే కోపంతో, కావాలనే లేవలేదు. మూడు రోజుల జ్వరం మాట ఈసారి లేదు. ఎడ్లబండి మీద దవాఖానకు తీసుకుపోతే, జర ముందు తెస్తే బతికేవాడని డాక్టరు అన్నాడు. పిల్ల ఆ మాట విన్నది, ఎవరికీ చెప్పలేదు. అంత మంచి కథ మా సంకలనంలో ఇంకోటి లేదు. నా ప్రశ్నే దాన్ని బయటికి లాగిందని భయమేసింది.

ఫోను చేస్తే ఎత్తింది. అచ్చు వేయడానికి ముందు తల్లికి చదివి వినిపిస్తానంది. నేను వద్దనలేదు.

మరో నాలుగు రోజులకు ఆమే ఫోను చేసింది. కథ విని తల్లి రెండు రోజులు అన్నం ముట్టలేదట. మూడో రోజు ఒక్క మాట అన్నదట.

“పొయ్యి కాడ నేను గూడ ఇన్న బిడ్డా, అని చెప్పింది మేడం. మగ్గం ఆగింది అమ్మకు గూడ ఇనవడ్డదట. కూర మాడుతదని లేవలేదట.” తర్వాత అడిగింది: “గిది కథల రాయాల్నా?”

రాస్తే కథ ఎంత ఎత్తుకు పోతుందో నాకు వెంటనే కనిపించింది. అలా కనిపించినందుకు నన్ను చూసి నాకే భయమేసింది. అది మీ అమ్మ మాట, రాయాలో వద్దో మీరిద్దరే తేల్చుకోవాలి, కథ ఇప్పటికే నిండుగా ఉంది అని చెప్పాను. ఆమె రాయలేదు.

సంకలనం వచ్చింది. సభకు ఆమె భర్తతో వచ్చి, తన కథలో ఒక పేజీ వణకని గొంతుతో చదివింది. తల్లి రాలేదు. సభ అయ్యాక వాళ్లమ్మ ఎలా ఉందని అడిగాను.

“అందరితోని మాట్లాడ్తది మేడం. నాతోనే మాట్లాడదు,” అంది.

తర్వాత సంచిలోంచి కొత్త కథ కాగితాలు తీసి నా చేతిలో పెట్టింది. తీసుకున్నాను. ఇంటికి పోయే బస్సు కదిలాక కూడా వాటిని తెరవడానికి ధైర్యం చాలలేదు.