పైపుల కంపెనీ అమ్మిన భూమి

నా గొంతు బొంగురు. మా ఆయన పోయినంక శంషాబాద్ బస్టాప్ దగ్గర జామకాయలు అమ్మాను. హైవే మీద లారీల చప్పుడును దాటి అరవాలి కదా, అరిచి అరిచి గొంతు గరుకైపోయింది. మళ్లీ బాగుపడలేదు. ఇప్పుడు ఆ గొంతుకే జీతం ఇస్తున్నారు.

పని ఏమిటంటే, షేర్లున్న కంపెనీలు మూడు నెలలకోసారి తమ లెక్కలు బయటపెడతాయి. అవన్నీ ఇంగ్లిషులో, పేజీలకు పేజీలు ఉంటాయి. మా ఆఫీసుకు చందా కట్టినవాళ్లు ఎయిర్‌పోర్టు క్యాబ్ డ్రైవర్లు, కార్గోలో సరుకు దించేవాళ్లు, తుక్కుగూడ వైపు ప్లాట్లు అమ్మేవాళ్లు. వాళ్లకు చదివే తీరిక లేదు. నాకు చదువే లేదు, బస్సు బోర్డు కూడబలుక్కుంటాను, అంతే. మా మేడం చదువుతుంది. ఆమెది గుంటూరు వైపు, లెక్కల చదువు చదివింది. ఆ పేజీల్లోంచి ఆమె మూడు సంగతులు తీస్తుంది: ఎంత అమ్మారు, అమ్మిన దాంట్లో ఎంత మిగిలింది, ముందు ఎలా ఉంటుందని యాజమాన్యం అంటోంది. అవి నాకు చెప్తుంది, నేను నా మాటల్లో ఫోన్‌లోకి చెప్తాను, ఆమె కాగితంతో సరిచూస్తుంది. నిమిషం ముక్క. చందాదారులందరికీ పోతుంది.

మొదట్లో మేడమే చెప్పేదట. ఆమె గొంతు మెత్తన. ఎయిర్‌పోర్టు క్యాబ్‌ల లైన్లో బండి పెట్టుకొని వింటుంటే నిద్ర పట్టి గిరాకీ పోయిందని ఒక డ్రైవరు కంప్లయింటు చేశాడు. ఊడ్చి చాయ్ పెట్టడానికి వచ్చిన నన్ను అలా ఫోన్ ముందు కూర్చోబెట్టారు. నా గొంతుకు ఇంతవరకు ఎవరూ నిద్రపోలేదు.

మా ఆఫీసులో ఒక్కటే కట్టుబాటు. కొనమనీ అమ్మమనీ ఎవరికీ చెప్పకూడదు. అలా చెప్పాలంటే వేరే లైసెన్సు కావాలి, మాకు లేదు. కాగితంలో ఉన్నది చెప్పి నోరు మూసుకోవాలి.

ఆ రోజు పైపుల కంపెనీ లెక్కలు వచ్చాయి. ఆ మర్నాడు పొద్దున కంపెనీ పెద్దలు ఫోన్‌లో అందరి ప్రశ్నలకూ జవాబులు చెప్పారు. మేడం చెవుల్లో తీగలు పెట్టుకొని గంటసేపు విన్నది. తర్వాత పేజీలన్నీ చదివి, షేర్ల మార్కెట్ మూసే వేళకు నన్ను పిలిచింది.

"లాభం రెట్టింపు అయిందమ్మా. కానీ ఆ మాటతో మొదలుపెడితే అందరూ అక్కడే ఆగిపోతారు. అందులో పెద్ద భాగం మహేశ్వరం దగ్గర భూమి అమ్మితే వచ్చింది. పైపుల మీద వచ్చింది కాదు. ఆ భూమి సంగతి గట్టిగా చెప్పండి, జనం జాగ్రత్తపడతారు."

నేను గట్టిగానే చెప్పాను. "పైపుల కంపెనీ. పోయినేడు గివే మూడు నెలలతోని చూస్తే అమ్మకం పెరిగింది. కానీ నూరు రూపాయల సరుకు అమ్మితే అప్పుడు పన్నెండు మిగిలేది, ఇప్పుడు తొమ్మిదే మిగిలింది. పైపులు చేసే ప్లాస్టిక్ గింజల ధర పెరిగింది. లాభం రెట్టింపు కనిపిస్తది, అందుల పెద్ద ముక్క మహేశ్వరం భూమి అమ్మితే వచ్చింది. ఏడాది మొత్తం మీద నూటికి పన్నెండు మిగులుతయని ముందుగాల అన్నరు, ఇప్పుడు పది దగ్గర ఉండొచ్చు అంటున్నరు."

మేడం తల ఊపింది. పంపాం.

చాయ్ నీళ్లు మరగకముందే మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు.

"అక్కా, ఆ కంపెనీకి మహేశ్వరంల భూమి ఉన్నదా?"

"అమ్మిన్రు అని చెప్పిన కదరా."

"ఉన్నోడే కద అమ్మేది. లేనోడు ఏం అమ్ముతడు? ఇంక ఎంతున్నదో. రేపు పొద్దున మార్కెట్ తెరవంగనే కారు పైసలన్నీ దాంట్ల పెడుత."

వాడి బండి పాతబడింది. ఇంకో ఏడాది దాటితే క్యాబ్‌గా తిప్పనివ్వరు. కొత్త బండి కోసం మొగుడూ పెళ్లాం రూపాయి రూపాయి దాచుకున్నారు. బండి లేకపోతే వాడికి ఇంకో పని రాదు. వద్దురా అందామని నోరు తెరిచాను. మేడం ఎదురుగానే ఉంది. మూసుకున్నాను.

అప్పటికే మేడం ఫోన్ కూడా మోగుతోంది. ఒకాయన ఆ భూమి ఏ రోడ్డుకు ఉందని అడిగాడు. ఇంకొకాయన సర్వే నంబరు అడిగాడు. పైపుల గురించి ఒక్కరూ అడగలేదు.

మేడం ఫోన్ బోర్లా పెట్టింది. "భూమి అమ్మి లాభం చూపించారంటే మా ఊళ్లో అయితే ఏదో ఇబ్బందిలో ఉన్నారనుకుంటారమ్మా."

"ఎయిర్‌పోర్టు వచ్చినంక ఈడ భూమి అంటే ఎవలు జాగ్రత్తపడతరు మేడం? సంబరపడతరు."

మేడం మళ్లీ ఆ కాగితాలు ముందేసుకొని వెనక పేజీల్లో చిన్న అక్షరాలు చదివింది. తను పొద్దున రాసుకున్న కాగితం కూడా తీసింది. ఆ ఫోన్‌లో కంపెనీ పెద్దలను ఎవరో అడిగారట, ఇంకా భూమి ఉందా అని. లేదు, కాటేదాన్‌లో ఫ్యాక్టరీ ఉన్న జాగ ఒక్కటే అన్నారట. అమ్మిన డబ్బు బ్యాంకు అప్పు తీర్చడానికి పోయిందట. నిమిషంలో పట్టదని ఆ రెండూ ఆమె వదిలేసింది.

రెండోసారి చెప్పాను. ఈసారి మిగిలిన తొమ్మిది రూపాయలతో మొదలుపెట్టాను. భూమి దగ్గరికి వచ్చేసరికి ఇలా చెప్పాను: "భూమి అమ్మింది ఒక్కసారి వచ్చిన పైస. ఫ్యాక్టరీ నిలబడ్డ జాగ తప్ప వేరే భూమి లేదు. వచ్చిన పైసలు బ్యాంకు అప్పుకు పోయినయి. ఇగ అమ్ముకొని తిననీకి ఏం లేదు."

"చివరి మాట కాగితంలో లేదు," అన్నది మేడం. "తీసేయండి."

తీసేసి మళ్లీ చెప్పాను. అదీ అందరికీ పంపాం.

సాయంత్రం తమ్ముడు ఆఫీసుకు వచ్చాడు. మెట్ల మీద కూర్చొని చాయ్ తాగాడు.

"ఆ కంపెనీ గూడ మన లెక్కనే ఉన్నదక్కా," అన్నాడు. "బాపు భూమి అమ్మిన ఏడాది మనింట్ల రెండు బండ్లు. ఊరంత మనోళ్లు పైకొచ్చిన్రు అన్నది. మరుసటేడు ఏమున్నది? క్యాబ్ లైన్ల కూసునుడే."

"ఊఁ," అన్నాను.

"పెట్టాల్నా, వద్దా?"

"నేను చెప్పరాదు."

"అక్కవు కావా?"

"అక్కనే. కావాల్నంటే రికార్డు మళ్ల ఇనిపిస్త."

"నువ్వు ఎదురుగ కూసోని నీ రికార్డు ఇనిపిస్తవా?"

వినిపించాను. విన్నాడు. ఆ గొంతు బయటినుంచి వింటే నాకే భయమేసింది. చాయ్ గ్లాసు తనే కడిగిపెట్టి పోయాడు.

పొద్దున మార్కెట్ తెరిచింది. వాడు పెట్టలేదు. ఆ రోజు షేరు పెరిగింది. తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ పెరుగుడు కూడా మా కాగితంలో లేదు కాబట్టి నేనూ ఏమీ అనలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం కార్ల షోరూం నుంచి ఫోన్ చేశాడు.

"అక్కా, ఈడ అమ్మేటాయన ఈ బండి మస్తు నడుస్తది, నెలకు గింత సంపాయిస్తవు అంటున్నడు."

"డీజిల్ పోంగ, కిస్తు పోంగ ఎంత మిగులుతది?"

"అది చెప్తలేడు."

"అయితే ఇంకా కూసో," అన్నాను. "చెప్పేదాక లేవకు."