లెన్సులకు క్యాన్ నీళ్ళు

మంచిర్యాలలో ఒక కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షించి కాంటాక్ట్ లెన్సులు ఇచ్చే పని నాది. ఇచ్చిన లెన్సును కాపాడుకోలేని చదువుకున్న మూర్ఖులంటే నాకు ఒళ్ళుమంట.

ఒక ఉదయం లక్సెట్టిపేట నుంచి జువాలజీ లెక్చరర్ ఒకాయన, వెలుతురు చూడలేక కుడికంటికి దస్తీ అడ్డం పెట్టుకుని వచ్చాడు. కన్ను నిప్పులా ఉంది. రంగు చుక్క వేసి చూస్తే నల్లగుడ్డు మీద పుండు.

"లెన్సులు తీయకుండనే పండుకుంటున్నరా?"

"అప్పుడప్పుడు, సార్."

"దేంతోని కడుగుతున్నరు?"

"నల్లా నీళ్ళు ముట్టనియ్య సార్. ఫిల్టర్ క్యాన్ నీళ్ళే," అన్నాడు, అదేదో ఘనకార్యమైనట్టు.

పిల్లలకు అమీబా బొమ్మ గీసి చూపించే మనిషి! తాగే నీళ్ళలోనూ అది ఉండొచ్చనీ, లెన్సును పట్టుకుని నల్లగుడ్డులోకి దిగితే చూపే పోవచ్చనీ, లెన్సులకు సీసాలో వచ్చే సొల్యూషన్ తప్ప చుక్క నీరు కూడా తగలకూడదనీ, బయట వరుసలో కూర్చున్నవాళ్ళకు కూడా వినపడేలా దులిపేశాను. "మీకు చదువెవరు చెప్పిండ్రు?" అని కూడా అన్నాను.

పుండు గీకి నమూనా తీయడానికి డాక్టరమ్మ వచ్చేలోగా ఆయన ఒంటికన్నుతో గది మూలనున్న మా నీళ్ళ క్యాన్ వైపు చూశాడు.

"మీరే సార్. లెన్సులిచ్చిన మొదటి రోజు డబ్బాను గా క్యాన్ నీళ్ళతోని కడిగి నా చేతిల పెట్టిండ్రు."