ఆరబెట్టకూడని గింజలు

విత్తన నిల్వ కేంద్రంలో ఆమెను అసలు పేరుతో పిలిచేది హాజరుపట్టీ రాసే గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆమె మొలకమ్మ. ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఒక్కటే, గింజల్ని మొలిపించి చూడడం. తడి కాగితం మీద యాభై గింజలు పేర్చి, మూత పెట్టి, రోజూ పొద్దున్నే ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి రిజిస్టరులో రాస్తుంది. అలా మొలకెత్తే శక్తి ఉందని తేలిన గింజల్నే ఆరబెట్టి, రేకు సంచుల్లో మూసి, సున్నాకి ఇరవై డిగ్రీలు కిందున్న చలి గదిలో దాస్తారు. ఆ గది తలుపు తీసినప్పుడల్లా ఆమె కళ్లద్దాలు మసకబారేవి. తుడుచుకునేది, మళ్లీ లెక్కపెట్టేది. ఆమె లెక్కలో తప్పు పట్టినవాడు లేడు.

అలాంటి మనిషి కడుపులో నాలుగేళ్లుగా పగ కాపురం చేస్తోంది. దాన్ని దాచుకోవాలని గాని, తగ్గించుకోవాలని గాని ఆమె ఏనాడూ అనుకోలేదు.

పగ ఎవరిమీద అంటే డైరెక్టరు మీద. ఎందుకంటే వానగింజ చెట్టు కోసం. ఆ చెట్టు మొలకమ్మ వాళ్ల ఊరి వెనకున్న కొండ మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పుట్టదు. తొలకరి మొదలు వానలు వెలిసేదాకా కోడిగుడ్డంత గింజలు రాలుస్తుంది. రాలిన రెండు వారాల్లో మొలవాలి, లేదా కుళ్లిపోవాలి. మధ్యేమార్గం దానికి తెలియదు. కొండకు ఉత్తరపు వాలులో రెండు వందల పన్నెండు చెట్లుండేవి. వాటికి కాపలా మొలకమ్మ అన్నయ్య. ఒక్కో చెట్టుకు ఒక రేకు ముక్క, దాని మీద అంకె, రోజుకొకసారి చుట్టి రావడం. చెట్లను పిల్లల్లా చూసుకునేవాడని చెప్పను, పిల్లల్ని మనిషి అప్పుడప్పుడు తిడతాడు.

ఆ వాలులో రాయి తవ్వాలని ఒక కంపెనీ అడిగింది. అధికారులు ఒక షరతు పెట్టారు. చెట్టు జాతి నిల్వ కేంద్రంలో భద్రంగా ఉందని రాతపూర్వకంగా ఇస్తే, ఆ వాలును కంపెనీకి వదిలేయొచ్చు. డైరెక్టరు రెండు వేల గింజలు తెప్పించాడు. మొలకమ్మ తాజా గింజలు మొలిపించి చూస్తే నూటికి తొంభై నాలుగు మొలిచాయి. ఆ తర్వాత మిగతా గింజలన్నిటినీ ఆరబెట్టమన్నాడు.

"సార్, ఇవి ఆరితే చచ్చిపోతాయి సార్. పనస గింజ చూడండి, మామిడి టెంక చూడండి. నీళ్లున్నంత కాలమే ప్రాణం."

"ఏమ్మా, ఫారంలో తేమ శాతం అయిదు అని ఉంది. ప్రతి గింజకీ అయిదే. ఈ ఒక్కదానికీ కొత్త ఫారం అచ్చు వేయించమంటావా?"

ఆరబెట్టారు. ఆరిన తర్వాత మళ్లీ మొలిపించి చూసి, ఆ అంకె ఇంకో గడిలో రాయాలి. డైరెక్టరు ఆమె చేతికి పెన్ను ఇచ్చి, తాజా గింజల తొంభై నాలుగునే ఆ గడిలో రాయమన్నాడు. "ఎలాగూ మంచి గింజలే కదా. రాసి సంతకం పెట్టు, టైమ్ లేదు." ఆమె రాసింది, సంతకం పెట్టింది. తర్వాత రెండు నెలలకు ఉత్తరపు వాలులో రంపాలు మోగాయి.

అన్నయ్య ఉద్యోగం పోయింది. రెండు వందల పన్నెండు రేకు ముక్కల్ని ఒక గోనెసంచిలో వేసుకుని ఇంటికొచ్చాడు. ఇల్లు ఇద్దరిదీ. ఆయన పెళ్లి చేసుకోలేదు, ఆమె భర్త ఎప్పుడో పోయాడు. ఆ రోజు ఆయన సంచి వాకిట్లో పడేసి చెల్లెల్ని ఒక్క మాట అడిగాడు. "ఆ కాగితం మీద సంతకం నీదేనా?" అవునంది. అంతే. తర్వాత నాలుగేళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మూతపెట్టి ఉంచిన అన్నం తినేవాడు, పళ్లెం కడిగి బోర్లించేవాడు, గుమ్మం పక్కన కూర్చునేవాడు. ఒకే కప్పు కింద ఉండి మాట్లాడని మనిషి ఎంత చప్పుడు చేస్తాడో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

మొలకమ్మ ఊరికే కూర్చోలేదు. చలి గదిలోంచి ఇరవై గింజలు తీసి మొలిపించి చూసింది. సున్నా. కోసి చూస్తే లోపల పప్పు గోధుమరంగు తిరిగి ఎండిన బెండులా ఉంది. పై అధికారులకు రెండు ఉత్తరాలు రాసింది. ఉద్యోగి రాసే ఏ ఉత్తరమైనా తన పై అధికారి బల్ల మీదుగానే పోవాలి. రెండూ డైరెక్టరు సొరుగులోనే నిద్రపోయాయి. రెండో దాని తర్వాత ఆయన ఆమెను పిలిచి నవ్వుతూ, "సంతకం నీది కదమ్మా, నీ మెడకే చుట్టుకుంటుంది" అన్నాడు. ఆ నవ్వుని ఆమె ఇంటికి తెచ్చుకుని జాగ్రత్తగా దాచుకుంది.

ఈ ఏడు కంపెనీ దక్షిణపు వాలు కూడా అడిగింది. అక్కడ మిగిలినవి అరవై ఒక్క చెట్లు. పాత కాగితమే మళ్లీ చూపిస్తే సరిపోతుందని డైరెక్టరు ఫైలు తయారు చేయించాడు. ఆ అరవై ఒకటీ పోతే ఇక భూమ్మీద వానగింజ చెట్టు లేనట్టే. అన్నయ్య ఆ వార్త విన్న రోజు పళ్లెం కడగలేదు.

అదే నెలలో శాఖాపరమైన పదోన్నతి పరీక్ష వచ్చింది. మొలకమ్మ రుసుము కట్టి పేరు రాయించుకుంది. ఈ వయసులో పదోన్నతి ఎందుకని తోటివాళ్లు ఆటపట్టించారు. ఆమెకు కావలసింది పదోన్నతి కాదు. ఆ భవనంలో డైరెక్టరు బల్ల మీదుగా పోని కాగితం ఒక్కటే ఉంది, అది జవాబు పత్రం. రాసిన గదిలోనే సీలు వేసి, వేరే సంస్థల నుంచి వచ్చే ముగ్గురు సభ్యుల బోర్డుకి పంపుతారు.

ప్రశ్నలు తయారు చేసింది మాత్రం డైరెక్టరే. తన చలి గది గొప్ప అందరి చేతా రాయించుకోవాలన్న మోజు కొద్దీ, అయిదు మార్కుల లఘు ప్రశ్న ఒకటి పెట్టాడు. 'స్వస్థాన, పరస్థాన సంరక్షణల మధ్య భేదం రాయండి. మీ సంస్థ నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.' ఆ వాక్యం చదివి మొలకమ్మ పెన్ను మూత నోట్లో పెట్టుకుని మళ్లీ చదివింది. తన గొయ్యి తానే తవ్వుకుని, పైగా కొలతలు కూడా రాసిచ్చాడు.

మొదటి ప్రశ్నకి ఆమె బుద్ధిగా రాసింది. జీవవైవిధ్య హాట్‌స్పాట్ అనిపించుకోవాలంటే ఒక ప్రాంతంలో మరెక్కడా పుట్టని మొక్కలు కనీసం పదిహేను వందల జాతులుండాలి, దాని సహజ వృక్షసంపదలో డెబ్బై శాతమో, అంతకు మించో ఇప్పటికే పోయి ఉండాలి. అంటే సంపదా ఉండాలి, దోపిడీ కూడా జరిగి ఉండాలి. మా కొండలు అలాంటి ప్రాంతంలోనే ఉన్నాయి అని ఒక వాక్యం చేర్చింది.

అప్పుడు అసలు ప్రశ్న. ఆమె జవాబు ఇదీ:

'జీవిని అది పుట్టిన చోటే, దాని నేల, వాన, తేనెటీగ, పక్షి, శత్రువుతో సహా కాపాడడం స్వస్థాన సంరక్షణ. ఉదాహరణలు: జాతీయ ఉద్యానాలు, అభయారణ్యాలు, జీవావరణ రిజర్వులు. అక్కడ జాతి మారుతూ, సర్దుకుంటూ బతుకుతుంది. పుట్టిన చోటు నుంచి తీసి వేరే చోట కాపాడడం పరస్థాన సంరక్షణ. ఉదాహరణలు: వృక్షోద్యానాలు, జంతు ప్రదర్శనశాలలు, విత్తన నిధులు, కణజాల వర్ధనం, ద్రవ నైట్రోజన్‌లో మైనస్ నూట తొంభై ఆరు డిగ్రీల వద్ద పిండాల నిల్వ. ఇది మొదటిదానికి తోడు, బదులు కాదు. వరి, కంది వంటి గింజలు ఆరబెట్టి చల్లబరిస్తే ఏళ్ల తరబడి బతుకుతాయి. పనస, మామిడి, కోకో వంటివి ఆరితే చస్తాయి. మా సంస్థ ఉదాహరణ: వానగింజ చెట్టు, రిజిస్టరు మూడు, పేజీ నలభై ఒకటి. ఆరిన తర్వాతి గడిలో ఉన్న తొంభై నాలుగు తాజా గింజలది. ఆరిన గింజల అంకె సున్నా. డైరెక్టరు చెప్పగా తప్పుగా రాసినది నేను. చలి గదిలో ఉన్నది శవాలు. ఆ కాగితం నమ్మి దక్షిణపు వాలు ఇవ్వకండి.'

వంద మాటల్లో రాయమన్నారు, మించిపోయాయి. ఆమె కొట్టేయలేదు.

మూడు వారాలకు బోర్డు నుంచి ఒక పెద్దావిడ దిగింది. బూడిదరంగు జుట్టు, చేతిలో రిజిస్టరు నెంబరు రాసుకున్న చీటీ. డైరెక్టరు తేనీరు తెప్పించబోయాడు. ఆవిడ వద్దంది. చలి గదిలోంచి యాభై గింజలు, దక్షిణపు వాలు కింద అప్పుడే రాలిన యాభై గింజలు, పక్కపక్కన రెండు పెట్టెల్లో పెట్టించింది. ముప్పై రోజులు రోజూ పొద్దున్నే లెక్కపెట్టి రాయాలి. ఎవరు రాయాలి అన్న దగ్గర మొలకమ్మ నోరు విప్పింది.

"నా సంతకం ఒకసారి తప్పయింది మేడం. ఈసారి సార్ రాస్తేనే బావుంటుంది. నేను మూత తీసి పట్టుకుంటాను."

ఆవిడ ఇద్దరినీ చూసి సరేనంది.

ఆ ముప్పై రోజులూ మొలకమ్మ జీవితంలో పండుగ. రోజూ పొద్దున్నే చలి గది గింజల పెట్టె మూత తీసేది. డైరెక్టరు వంగి చూసేవాడు. "మొలకల సంఖ్య చెప్పండి సార్." "సున్నా." "రాయండి సార్." పక్క పెట్టెలో ఎర్రటి వేర్లు, ఆకుపచ్చ కొసలు. నాలుగో రోజుకి పదకొండు, తొమ్మిదో రోజుకి ముప్పై ఎనిమిది, రెండు వారాలకి నలభై ఏడు. ఈ పెట్టెలో బూజు. ఇరవయ్యో రోజున ఆయన, "తెలిసిపోయింది కదమ్మా, ఇంకా ఎందుకు?" అన్నాడు. "ఫారంలో ముప్పై రోజులని ఉంది సార్. ఈ ఒక్కదానికీ కొత్త ఫారం అచ్చు వేయించమంటారా?" అంది. అంత మధురమైన వాక్యం ఆమె జన్మలో పలకలేదు. ముప్పైవ రోజు సున్నా కింద ఆయన సంతకం పెట్టాడు. ఆమె పెట్టె మూత గట్టిగా వేసింది.

దక్షిణపు వాలు ఫైలు మూతబడింది. డైరెక్టరుని తప్పించి విచారణ వేశారు. మొలకమ్మకు ఆ జవాబుకి అయిదుకి అయిదూ వచ్చాయి. పదోన్నతి మాత్రం రాలేదు, తప్పుడు అంకె రాసినందుకు మందలింపు పత్రం వచ్చింది. న్యాయమే అనుకుని దాన్ని మడిచి రేకు ముక్కల సంచిలో వేసింది. ఉత్తరపు వాలు రెండు వందల పన్నెండు చెట్లూ ఆ సంచిలోనే ఉన్నాయి. వాటిని ఏ పగ తిరిగి మొలిపించదని ఆమెకు బాగా తెలుసు. అయినా ఆ పూట నిద్ర హాయిగా పట్టింది.

మర్నాడు వాన. అన్నయ్య పొద్దున్నే ఎక్కడికో పోయి, తడిసి ముద్దై వచ్చాడు. భుజం మీద తడి గోనెసంచి. వంటింట్లోకి వచ్చి దాన్ని ఆమె కాళ్ల దగ్గర దించి మూతి విప్పాడు. దక్షిణపు వాలు గింజలు, ఇంకా పచ్చి వాసన వేస్తున్నాయి.

"పెరట్లో పాతేద్దాం. కొండకు తిరిగి మోసుకెళ్లే దాకా ఇక్కడ పెరుగుతాయి." నాలుగేళ్లుగా ఆమె వినని గొంతు. "నిన్ను క్షమించానని కాదు."

"నేను అడగలేదు" అంది ఆమె.

ఆయన గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"చెల్లీ. ఇవి ఆరబెట్టకు."