పసుపు నీళ్లలో మునిగిన బ్యాండు

అన్నయ్య పోయాక వదిన ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం ఆమె కర్టెన్ల బట్ట కోసం సుల్తాన్ బజార్ వెళ్లింది. తిరిగొచ్చేసరికి అన్నయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పడుకోనీలే అనుకుని టీ పెట్టుకుని, తీరిగ్గా తాగి, అప్పుడు లేపబోయింది. చెయ్యి చల్లగా తగిలింది. మా అశోక్ నగర్ సందులోని డాక్టరు వచ్చి, ప్రాణం పోయిందని చెప్పాడు గానీ, ఎప్పుడు పోయిందో చెప్పలేకపోయాడు.

"నేను టీ తాగుతున్నప్పుడు ఉన్నాడా, లేడా?" అని వదిన అందరినీ అడిగేది. అలాంటివి ఆలోచించకమ్మా అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఇంకేం ఆలోచిస్తుంది?

సమాధానం అన్నయ్య వాచీలా చేతికి పెట్టుకునే ఫిట్‌నెస్ బ్యాండులో ఉండాలి. అది నాడి చూసి దాచుకుంటుంది. ఆయన ఫోన్‌లో బ్లూటూత్ ఎప్పుడూ ఆపేసి ఉంచేవాడు కాబట్టి ఆ రోజు లెక్క ఫోన్‌లోకి రాలేదు. డాక్టరు వెళ్లగానే నేనే దాన్ని చేతి నుంచి తీసి, కిటికీలో మడతపెట్టిన టవల్ మీద పెట్టాను. ఆ తర్వాత దాని సంగతే మరిచిపోయాం.

శుద్ధి రోజున మా పెద్దమ్మ ఆయన కళ్లజోడు, తాళాలు, బ్యాండు అన్నీ పసుపు నీళ్ల బకెట్‌లో వేసింది. మైల వస్తువు ఇంట్లో ఎలా పెట్టుకుంటాంరా అంది. సాయంత్రం వదిన బకెట్‌లో చెయ్యి పెట్టి బ్యాండు తీసి, తడి కూడా తుడవకుండా ఛార్జింగ్‌కి తగిలించింది. వెలగలేదు. రోజూ తగిలించేది, రోజూ చూసేది. పెద్దమ్మతో నేను చాలా రోజులు మాట్లాడలేదు.

చివరికి ఇద్దరం చిక్కడపల్లి మీదుగా ఆటోలో నారాయణగూడ వెళ్లాం. అక్కడ వాచీలు, బ్యాండ్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. దుకాణదారు కాస్త విసుగు మనిషి. ముందు ఛార్జింగ్ కేబుల్ కొనలకు మీటరు ముళ్లు ఆనించాడు.

"కేబుల్ మంచిగనే ఉంది. అయిదు వోల్టులు వస్తున్నయ్," అన్నాడు. బ్యాండు తిప్పి వెనక ఉన్న రెండు చిన్న పిన్నులు చూపించాడు. పచ్చగా పొక్కి ఉన్నాయి. "నీళ్లల్ల ఏసి, తడితోనే కరెంటు పెట్టిండ్రా? గట్ల పెడితే పిన్నులు తినేస్తది."

వదిన తల దించుకుంది. ఆయన స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తో పిన్నులు తోమి మళ్లీ తగిలించాడు. కరెంటు లాగుతుందో లేదో చూపించే చిన్న మీటరు సున్నా దగ్గరే ఉండిపోయింది. అప్పుడు అంచులకు వేడి తగిలించి, జిగురు మెత్తబడ్డాక పైగాజు లేపి, గోరంత బ్యాటరీకి మీటరు పెట్టాడు.

"ఇది సచ్చింది. కొత్తది ఏస్త."

"అందులో రాసుకున్నది పోతుందా?" అంది వదిన.

"అది వేరే చిప్పుల ఉంటదక్కా, బ్యాటరీతోని పోదు. రీసెట్ మాత్రం కొట్టకుండ్రి."

కొత్త బ్యాటరీ అతికించి తగిలించగానే ఛార్జింగ్ గుర్తు వచ్చింది. వదిన నా మోచెయ్యి పట్టుకుంది. కాసేపు ఆగి అన్నయ్య ఫోన్‌లో బ్లూటూత్ వేశాం. ఆ రోజు నాడి దొరికిన వేళలు చుక్కలుగా ఒక్కొక్కటీ తెర మీదకొచ్చాయి. వదిన వేలు పెట్టి వెతికింది. ఆమె బజారు నుంచి వచ్చిన వేళ చుక్క ఉంది. టీ వేళా ఉంది.

"ఉన్నాడు," అంది. ఆమె మొహం చూడలేకపోయాను. అప్పుడే లేపి ఉంటే బతికేవాడనుకుంటుందేమోనని భయమేసింది.

చూపు తిప్పుకోవడానికని తెర మీది చుక్కలను వేలితో ముందుకు జరిపాను. చీకటి పడ్డాక కూడా చుక్కలున్నాయి. అప్పటికి బ్యాండు అన్నయ్య చేతికి లేదు, కిటికీలో టవల్ మీద ఉంది. అదెలాగని దుకాణదారుని అడిగాను. ఆయన బల్ల తుడిచే గుడ్డను చుట్టగా చుట్టి దానికి బ్యాండు కట్టాడు. వెనక నాడి చూసే పచ్చ లైటు మిణుకుమంది. కాసేపటికి తెర మీద డెబ్బై నాలుగు అని పడింది.

"గుడ్డకు సుత అప్పుడప్పుడు నాడి చూపిస్తదన్నా. మనిషి చేతికుంటెనే దీని మాట నమ్మాలె. పోయినోళ్ల సంగతి దీనికి తెల్వదు."

వదిన ఆ గుడ్డ వైపే చూస్తూ ఉండిపోయింది. "అయితే టీ వేళ?" అంది మెల్లగా.

దుకాణదారు గుడ్డ నుంచి బ్యాండు విప్పి బల్ల మీద పెట్టాడు. ఆ బ్యాండును ఆమే హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

ఇప్పుడు మా ఇంట్లో మధ్యాహ్నం ఎవరూ కునుకు తీయరు. కళ్లు మూతపడితే చాలు, వదిన వచ్చి భుజం పట్టి ఊపుతుంది. "లేచాను వదినా," అంటాను. అప్పుడు వెళ్లి టీ పెట్టుకుంటుంది.