నేను రెండుసార్లు రాసిన రిపోర్టు

బ్యాంకు దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచిలో ఆఫీసర్‌గా ఉన్న రోజుల్లో సాయంత్రం లెక్కలు ముగించే వేళ నాకెప్పుడూ తొందరే. ఎల్బీనగర్ మెట్రోలో సీటు కోసం నా తాపత్రయం. ఆ రోజు ఆరింటికి కాగితాలు సరిచూస్తుంటే, వేరే బ్యాంకుకు డబ్బు పంపమని మెయిల్‌లో వచ్చిన ఒక ఆర్టీజీఎస్ లేఖకు ఒరిజినల్ అందలేదని కనిపించింది. ఖాతాదారుకు ఫోన్ చేశాను. ఆయన పండ్ల వ్యాపారి. గడ్డిఅన్నారం మార్కెట్ తరలిపోయాక బ్రాంచికి రావడం మానేసి లేఖలు మెయిల్ చేసేవాడు.

"ఏ లెటర్ తల్లీ? నేనేం పంపలే," అన్నాడు.

ఫోన్ పెట్టేసి ఆ లేఖ ప్రింటు బయటికి తీశాను.

అలాంటి లేఖ వస్తే ముందు ఖాతాదారుకు ఫోన్ చేయాలి. ఆ తర్వాతే 'ఫోన్‌లో నిర్ధారించాం' అనే స్టాంపు వేయాలి. మా దగ్గర లేఖ ప్రింటు తీయగానే స్టాంపు పడేది. క్లర్క్ వేసేది, నేను సంతకం పెట్టేదాన్ని. తెలిసినవాళ్లకు ఫోన్లెందుకని ఆమెకు నేర్పిన మహానుభావురాలిని నేనే.

డబ్బు చేరిన బ్యాంకుకూ, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్‌కూ చెప్పాక రిపోర్టుకు కూర్చున్నాను.

ఒకటి: ఉదయం 11.40కి మెయిల్‌లో లేఖ. వ్యాపారి కరెంటు ఖాతా నుంచి 8,40,000 రూపాయలు పంపమని.
రెండు: 12.10కి క్లర్క్ ఎంట్రీ. 12.25కి నా ఆమోదం. వేరే రాష్ట్రంలోని ఒక సేవింగ్స్ ఖాతాకు జమ.
మూడు: అక్కడి నుంచి రెండు ఖాతాలకు 2,00,000, 1,30,000 వెళ్లిపోయాయి. మిగిలిన 5,10,000 ఆ బ్యాంకు ఆపింది.
నాలుగు: ఫోన్ నిర్ధారణ.

అక్కడ ఆగాను. మేనేజరు నా వెనక నిలబడ్డారు.

"ఆవిడ స్టాంపు వేశారు, మీరు నమ్మారు. అలా రాయండి. అబద్ధమేం కాదుగా," అన్నారు.

అబద్ధం కాదు, నిజమే. ఫోన్ అక్కర్లేదని నేర్పింది నేనన్నది మాత్రం అందులో ఉండదు. క్లర్క్ రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. విచారణ పడితే రావలసినవన్నీ ఆగిపోతాయి. నాకేమో ఆ నెలలోనే ప్రమోషన్ ఇంటర్వ్యూ. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆయన చెప్పినట్టే టైపు చేశాను.

రిపోర్టు మీద ఆమె సంతకం కూడా కావాలి. సైదాబాద్‌లోని ఇంటికి పోకుండా తన కౌంటర్లోనే ఉంది, పిలవగానే నా టేబుల్ దగ్గరకొచ్చి కూర్చుంది. కాగితం ఇవ్వగానే కింద సంతకం పెట్టి తిరిగిచ్చింది.

"చదవలేదేంటండీ?" అన్నాను.

"మీరే రాసిన్రు గద మేడం. మళ్ల నేను చూసుడెందుకు?"

మధ్యాహ్నం 12.25కి నేను చేసిందీ అదే. ఆమె స్టాంపు ఉంది కదాని చూడలేదు. తేడా ఒకటే, ఆమె నన్ను మోసం చేయలేదు, నేను ఆమెను చేస్తున్నాను.

కాగితం చించేసి మళ్లీ టైపు చేశాను. నాలుగు: ఫోన్ ఎవరూ చేయలేదు. చేయకుండానే స్టాంపు వేయమని క్లర్క్‌కు చెప్పింది నేను.

ఈసారి నేనే పైకి చదివి వినిపించాను. నాలుగో అంశం దగ్గర ఆమె తల దించుకుని ఏడ్చింది.